కెమెరా ఉంది, కనిపించదు



నిన్న సాయంత్రం వరకు ల్యాప్‌టాప్ కెమెరా బాగానే పనిచేసింది. ఈ రోజు వీడియో కాల్‌లో చేరబోతే యాప్ కెమెరా దొరకలేదంటుంది, లేదా మైకు పనిచేయడం లేదంటుంది. ఇలాంటప్పుడు ఎక్కువమంది మొదట యాప్‌ను తీసేసి మళ్లీ ఎక్కించుకుంటారు. అదీ కుదరకపోతే కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేస్తారు. ఒక్కోసారి దాంతోనే పని జరిగిపోతుంది. అయితే ఎందుకు జరిగిందో తెలియదు కాబట్టి, మరుసటి వారం అదే ఇబ్బంది వస్తే మళ్లీ మొదటికే వస్తారు. నిజానికి కెమెరా పాడైపోయిన సందర్భాలు తక్కువే. యాప్ చెప్పే ఆ ఒక్క మాట వెనక మూడు వేరువేరు కారణాలున్నాయి. వాటిలో ఏదో తేలిస్తే చాలావరకు అయిదు నిమిషాల పని.

గూగుల్ మీట్ లాంటి కాల్ బ్రౌజర్‌లో నడిచేటప్పుడు కెమెరాను తనంతట తాను తీసుకోలేదు. బ్రౌజర్‌ను అడుగుతుంది, బ్రౌజర్ విండోస్‌ను అడుగుతుంది. ఇవ్వడం కుదరకపోతే, ఎందుకు కుదరలేదో బ్రౌజర్ తిరిగి చెబుతుంది. ఆ జవాబులకు వెబ్ ప్రమాణాల్లో స్థిరమైన పేర్లున్నాయి. NotAllowedError అంటే వాడుకోవడానికి అనుమతి లేదని. NotFoundError అంటే అడిగిన పరికరమే కనబడలేదని. మూడోది NotReadableError. పరికరం ఉంది, అనుమతీ ఉంది, కానీ తెరవబోతే తెరుచుకోవడం లేదు. ఎక్కువసార్లు అప్పటికే మరో ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని ఉండడమే దీనికి కారణం.

తేడా ఇంత స్పష్టంగా లోపల తెలుస్తున్నా, చాలా యాప్‌లు మూడింటినీ కలిపేసి కెమెరాను సరిచూసుకోమని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాయి. ఏది కారణమో చెప్పడానికి ఇంకో వాక్యం పడుతుంది, అంతే. ఆ వాక్యం రాయకపోవడం వల్ల ఎంతోమంది తమకు కంప్యూటర్ చేతకాదని నొచ్చుకుంటున్నారు. అది అన్యాయం. యాప్ చెప్పనిదాన్ని గుర్తులను బట్టి వాడేవాళ్లే తేల్చుకోవాలి. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని అనుకుందాం. ఉదయం పది గంటలకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11. తొమ్మిదిన్నరకు మొహం మీద వెలుతురు సరిగ్గా పడుతోందో లేదో చూసుకుందామని, ముందురోజు స్నేహితురాలితో ప్రాక్టీసు చేసిన లింకునే ఎడ్జ్ బ్రౌజర్‌లో తెరిచింది. కాల్‌లో చేరలేదు. చేరడానికి ముందు మన బొమ్మ మనకు కనిపించే పేజీ వస్తుంది కదా, అక్కడే ఆగి, కుర్చీ కిటికీ వైపు జరుపుకుని, ఎడ్జ్‌ను కిందికి మినిమైజ్ చేసింది. ఇంటర్వ్యూ లింకును క్రోమ్‌లో తెరిచింది. కెమెరా మొదలవడం లేదని క్రోమ్‌లో సందేశం. పేజీ మళ్లీ లోడ్ చేసింది, అదే సందేశం. ఫోన్ చేస్తే స్నేహితురాలు క్రోమ్‌ను తీసేసి మళ్లీ వేసుకోమంది. పక్కనే ఉన్న తమ్ముడు ల్యాప్‌టాప్ మూత పై అంచు చూశాడు.

"అక్కా, లైటు వెలుగుతోంది చూడు. నీకు బొమ్మ రావట్లేదు గానీ కెమెరా నడుస్తూనే ఉంది."

"మరి నాకెందుకు రావట్లేదురా?"

"ఇంకేదో వాడుతోంది. ముందు అదేంటో చూడు."

ఆ అబ్బాయి చూసిన గుర్తు చాలా విలువైనది. చాలా ల్యాప్‌టాప్‌లలో కెమెరా పక్కన ఉండే చిన్న దీపం, కెమెరా బొమ్మ తీస్తున్నంతసేపే వెలుగుతుంది. మన యాప్‌లో బొమ్మ లేకపోయినా దీపం వెలుగుతోందంటే కెమెరా బతికే ఉంది, విండోస్ దాన్ని గుర్తించింది, ఏదో ఒక ప్రోగ్రామ్‌కు అనుమతి కూడా దొరికింది. ఇంత సమాచారం ఆ ఒక్క దీపంలో ఉంది. ఇక క్రోమ్‌ను తీసేసి మళ్లీ వేసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఎవరు పట్టుకున్నారో విండోస్ తనంతట తానే చెబుతుంది. సెట్టింగ్స్ తెరిచి Privacy & security లోకి, అక్కడ Camera లోకి వెళ్తే, ఈమధ్య కెమెరాను వాడిన ప్రోగ్రాముల పేర్లు ఉంటాయి. కొన్నిటి కింద చివరిసారి ఎప్పుడు వాడారో తేదీ, సమయం ఉంటాయి. ఇప్పుడు వాడుతున్నదాని కింద Currently in use అని ఉంటుంది. ఆ అమ్మాయి చూసినప్పుడు ఆ మాట మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ పేరు కింద ఉంది. ఎడ్జ్‌లో ఆ ప్రాక్టీసు ట్యాబును మూయగానే దీపం ఆరిపోయింది. క్రోమ్‌లో పేజీ మళ్లీ లోడ్ చేస్తే దీపం వెలిగింది, బొమ్మ వచ్చింది.

విండోస్‌లో మామూలుగా ఒక కెమెరాను ఒక సమయంలో ఒక ప్రోగ్రామే తెరవగలదు. గ్రంథాలయంలో ఒకే ప్రతి ఉన్న పుస్తకం లాంటిదే ఇదీ. పట్టికలో పేరు కనిపిస్తుంది, బీరువాలో మాత్రం ఉండదు, తీసుకెళ్లినవాళ్లు తిరిగి ఇచ్చేదాకా ఆగాలి. అందుకే ఎడ్జ్, క్రోమ్ ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. రెండు లింకులనూ క్రోమ్‌లోనే రెండు ట్యాబుల్లో తెరిచి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు. అప్పుడు కెమెరాను తెరిచేది ఒక్క క్రోమే కాబట్టి, తన ట్యాబులకు తానే పంచుకుంటుంది. విండోస్ 11 ఇటీవలి కూర్పుల్లో ఒకే కెమెరాను ఒకేసారి ఎక్కువ యాప్‌లు వాడుకునేలా చేసే ఏర్పాటు కూడా వచ్చింది. Bluetooth & devices కింద Cameras లో ఆ కెమెరా పేరు నొక్కితే అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో దొరుకుతుంది. అది కనిపించని కంప్యూటర్లలో మాత్రం పాత పద్ధతే. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలో ఒకటికి మించి యాప్‌లు కెమెరాను పంచుకోగలవు. అందుకే మ్యాక్ వాడేవాళ్లు ఇచ్చే సలహా విండోస్ వాడేవాళ్లకు ఒక్కోసారి అతకదు.

మూసేశామనుకున్నవి నిజంగా మూతపడ్డాయో లేదో కూడా చూడాలి. విండో మీద గుణకారం గుర్తు నొక్కితే కొన్ని ప్రోగ్రాములు ఆగిపోవు. తెర కింద కుడివైపు మూల, గడియారం పక్కన చేరి నడుస్తూనే ఉంటాయి. ఫోన్‌ను వెబ్‌క్యామ్‌గా వాడుకునే యాప్‌లు, కెమెరాకు బొమ్మలూ నేపథ్యాలూ జోడించే సాఫ్ట్‌వేర్లు ఇలాంటివే. అక్కడ వాటి గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కి Quit లేదా Exit అనాలి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి సమస్య తీరడానికి కారణమిదే, పట్టుకున్నది వదిలేస్తుంది. అయితే కంప్యూటర్ తెరుచుకోగానే తనంతట తానే మొదలయ్యే ప్రోగ్రామ్ అయితే మళ్లీ పట్టుకుంటుంది.

కెమెరా గొడవ తీరింది, ఇంటర్వ్యూ మొదలయింది. అవతల ప్యానెల్‌లో ఉన్నాయన, "అమ్మా, మీరు కనిపిస్తున్నారు గానీ వినిపించట్లేదు" అన్నారు.

మైకు కథ వేరు. విండోస్‌లో కెమెరాలా కాకుండా మైకును మామూలుగా ఒకేసారి చాలా ప్రోగ్రాములు వినగలవు. కాబట్టి మైకు పనిచేయనప్పుడు మరొకరు పట్టుకున్నారేమో అని అనుమానించడం ఆఖరున చేయవలసిన పని. మొదట అడగాల్సిన ప్రశ్న, యాప్ ఏ మైకును వింటోంది? మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా ఈ పట్టిక పొడవుగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లోనే బిగించిన మైకు ఒకటి, విడిగా పెట్టుకున్న వెబ్‌క్యామ్‌కు సొంత మైకు ఒకటి, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ది ఒకటి, తీగతో ఉన్న హెడ్‌సెట్‌ది మరొకటి. వీటిలో యాప్ ఏదో ఒకదాన్నే వింటుంది. తప్పుడు మైకు ఎంపికై ఉంటే దోష సందేశమేమీ రాదు. యాప్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది, నిశ్శబ్దాన్ని శ్రద్ధగా పంపిస్తోంది.

ఆ అమ్మాయి విషయంలో జరిగింది ఇదే. ముందురోజు ఇయర్‌బడ్స్‌తో మాట్లాడింది. అవి ల్యాప్‌టాప్‌కు ఇంకా కలిసే ఉన్నాయి, కానీ చెవుల్లో లేవు. గదిలో మంచం మీద దుప్పటి కింద ఉన్నాయి. క్రోమ్ మాత్రం ఆ మైకునే వింటోంది. కనిపెట్టడం తేలిక. విండోస్ సెట్టింగ్స్‌లో System, అక్కడ Sound, అందులో Input అనే భాగం ఉంటుంది. మైకును ఎంచుకుంటే పక్కనే ఒక చిన్న గీత, శబ్దం అందినప్పుడల్లా కదులుతుంది. ఆ గీత వైపు చూస్తూ ల్యాప్‌టాప్ మైకు రంధ్రం దగ్గర గోటితో రెండుసార్లు తట్టాలి. గీత కదిలితే ఎంచుకున్నది ఆ మైకే. కదలకపోతే ఇంకో మైకును ఎంచి మళ్లీ తట్టి చూడాలి. మాట్లాడి చూడటం కన్నా తట్టి చూడటం నమ్మకం, ఎందుకంటే మాట గది అంతా వినిపిస్తుంది, ఏ మైకు విన్నదో తేలదు.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. విండోస్‌లో మైకు మార్చినా యాప్‌లో మారకపోవచ్చు. జూమ్, మీట్ లాంటివన్నీ తమ ఎంపికను విడిగా గుర్తుపెట్టుకుంటాయి. జూమ్‌లో కింద మైకు బొమ్మ పక్కన ఉండే చిన్న బాణం గుర్తు నొక్కితే పట్టిక వస్తుంది. మీట్‌లో అయితే సెట్టింగుల్లో ఆడియో కింద దొరుకుతుంది. అందులో Default అని ఉన్నదాన్ని ఎంచుకుంటే విండోస్ దేన్ని వాడమంటే దాన్ని వాడుతుంది. పేరు పెట్టి ఒకదాన్ని ఎంచుకుంటే దానికే కట్టుబడుతుంది. ఇంటర్వ్యూ లాంటి సమయంలో ల్యాప్‌టాప్ మైకును పేరు పెట్టి ఎంచుకోవడమే మంచిది. మధ్యలో ఇయర్‌బడ్స్ కలిసినా విడిపోయినా మాట ఆగదు.

తీగ ఉన్న ఇయర్‌ఫోన్లకు ఇంకో మెలిక ఉంది. ప్లగ్గు కొన మీద నల్లటి వలయాలు లెక్కపెట్టాలి. మూడు వలయాలుంటే మైకు ఉండొచ్చు. రెండే ఉంటే అది వినడానికి మాత్రమే, మాట్లాడటానికి కాదు. పాతకాలపు డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వినడానికి, మైకుకు వేరువేరు సాకెట్లు ఉంటాయి కాబట్టి, ఒకే ప్లగ్గు ఉన్న ఫోన్ ఇయర్‌ఫోన్ల మైకు వాటిలో నేరుగా పనిచేయదు. చీలిక తీగ ఒకటి కావాలి.

ఇక అనుమతుల సంగతి. విండోస్ కంప్యూటర్‌లో బ్రౌజర్ ద్వారా మాట్లాడేటప్పుడు అనుమతి రెండు చోట్ల కావాలి. ఒకటి విండోస్‌లో, రెండోది బ్రౌజర్‌లో ఆ సైట్‌కు. విండోస్‌లో ఇందాక చెప్పిన Camera పేజీలోనే మీటలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన Camera access, దాని కింద Let apps access your camera, అంతకన్నా కింద Let desktop apps access your camera. తొందరలో పై రెండే చూసి ఆపేస్తే పప్పులో కాలేసినట్టే. క్రోమ్, ఎడ్జ్, విడిగా వేసుకున్న జూమ్ ఇవన్నీ ఎక్కువగా ఆ చివరి మీట కిందికే వస్తాయి. మైకుకు కూడా Microphone పేజీలో ఇవే మీటలు విడిగా ఉంటాయి. ఒకదాన్ని ఇచ్చినంత మాత్రాన రెండోది ఇచ్చినట్టు కాదు. కెమెరా వచ్చి మైకు రాని ఫిర్యాదులు కొన్ని ఇలా పుట్టినవే.

బ్రౌజర్ అనుమతి సైట్ సైట్‌కూ వేరు. క్రోమ్‌లో మొదటిసారి అడిగినప్పుడు కంగారులో వద్దని నొక్కితే, ఆ సైట్‌కు ఆ జవాబును గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ అడగదు. ప్రశ్నకు జవాబివ్వకుండా పదే పదే మూసేసినా కొంతకాలం అడగడం మానేస్తుంది. అప్పుడు అడ్రసు పట్టీలో ఎడమ చివర ఉన్న గుర్తు నొక్కాలి. ఆ సైట్‌కు కెమెరా, మైకు మీటలు కనిపిస్తాయి, వాటిని తెరిచి పేజీ మళ్లీ లోడ్ చేయాలి. మొత్తం పట్టిక కావాలంటే అడ్రసు పట్టీలో ఇలా టైపు చేస్తే వస్తుంది:

```
chrome://settings/content/camera
```

చివరి మాట బదులు microphone అని పెడితే మైకు పట్టిక వస్తుంది. అనుమతి ఇవ్వని సైట్‌కు బ్రౌజర్ కెమెరాల పేర్లు కూడా చెప్పదు, అది మన గోప్యత కోసం పెట్టిన నియమం. కాబట్టి యాప్‌లో కెమెరాల పట్టిక ఖాళీగా ఉందంటే కంప్యూటర్‌లో కెమెరా లేదని అర్థం చేసుకోకూడదు. అనుమతి ఇచ్చి పేజీ మళ్లీ లోడ్ చేశాక కూడా ఖాళీగా ఉంటేనే పరికరం మీద అనుమానం పడాలి.

ఫోన్లలో ఈ అనుమతుల సంగతే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, తెర పైనుంచి కిందికి లాగితే వచ్చే బటన్లలో కెమెరాకు ఒకటి, మైకుకు ఒకటి చేరాయి. వాటిని ఆపితే యాప్‌కు అనుమతి ఉన్నా బొమ్మ నల్లగా, మాట మూగగా పోతుంది. పిల్లల చేతిలో ఫోన్ ఉన్నప్పుడు వేలు తగిలి ఆగిపోవడం మామూలే. ఆండ్రాయిడ్ 11 నుంచి మరో రెండు పద్ధతులు వచ్చాయి. ఒకే అనుమతిని రెండుసార్లు కాదంటే యాప్ ఇక అడగలేదు. నెలల తరబడి తెరవని యాప్‌కు ఇచ్చిన అనుమతులను ఫోన్ తనంతట తానే వెనక్కి తీసుకుంటుంది. అమెరికాలో ఉన్న కొడుకు ఎప్పుడో సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మ ఫోన్‌లో యాప్ వేసి, అన్నీ సరిచేసి వెళ్తాడు. దసరాకు ఆ యాప్‌లో మాట్లాడదామంటే మైకు పలకదు. అమ్మ ఏమీ చెయ్యలేదు, ఫోనే చేసింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి, అనుమతుల్లో కెమెరా, మైకు మళ్లీ ఇస్తే సరిపోతుంది. అదే పేజీలో, వాడకపోతే అనుమతులు తీసేసే మీటను ఆ ఒక్క యాప్‌కు ఆపేసి ఉంచొచ్చు. మామూలు ఫోన్ కాల్ నడుస్తుండగా కూడా వీడియో కాల్‌కు మైకు దక్కదు, దానికి అనుమతులతో సంబంధం లేదు.

అనుమతులన్నీ ఇచ్చాక కూడా ల్యాప్‌టాప్ పట్టికలో కెమెరా పేరే లేకపోతే, అప్పుడు పరికరం వైపు చూడాలి. కెమెరాను కప్పే చిన్న జారుడు మూత ఉన్న ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. ఆ మూత వేసి ఉంటే కెమెరా పేరు పట్టికలో ఉంటుంది, దీపం వెలుగుతుంది, బొమ్మ మాత్రం నలుపు. ఇంకొన్నిటిలో కీబోర్డు మీదో పక్క అంచునో కెమెరాను ఆపే బటన్ ఉంటుంది. చాలా మోడళ్లలో అది నొక్కితే కెమెరా విండోస్‌కే కనిపించకుండా పోతుంది, ఊడదీసినట్టే. విండోస్ సొంత కెమెరా యాప్ తెరిస్తే ఈ తేడా తేలుతుంది. కెమెరా ఏదీ లేకపోతే అది 0xA00F4244 అనే సంఖ్య చూపిస్తుంది. మరొకరు పట్టుకుని ఉంటే 0xA00F4243. ఒక్క అంకె తేడాతో మొత్తం దారి మారిపోతుంది, కాబట్టి ఆ సంఖ్యను రాసి పెట్టుకుంటే బాగుచేసే మనిషికీ సగం పని తగ్గుతుంది.

కెమెరా లేదన్న సంఖ్య వస్తే డివైస్ మేనేజర్‌లో Cameras అన్న శీర్షిక కింద చూడాలి. పేరు మీద కిందికి చూపే బాణం ఉంటే ఎవరో ఆపేశారు, కుడి బటన్‌తో Enable అంటే వస్తుంది. శీర్షికే లేకపోతే, బటన్ నొక్కి ఉందేమో చూశాక, ల్యాప్‌టాప్ మూతను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ కదిపి చూడొచ్చు. ఒక కోణంలో వచ్చి మరో కోణంలో పోతుంటే, మూత కీలు గుండా వెళ్లే సన్నని తీగ నలిగి ఉండే అవకాశం ఎక్కువ. అది సెట్టింగులతో తీరేది కాదు, సర్వీస్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ విప్పాల్సిందే. అంతవరకు యూఎస్‌బీ వెబ్‌క్యామ్ ఒకటి తగిలించుకుంటే కాల్స్ ఆగవు. పట్టికలో దాని పేరు ఎంచుకోవడం మాత్రం మరచిపోకూడదు, ఎందుకంటే యాప్ ఇంకా ల్యాప్‌టాప్ కెమెరా కోసమే ఎదురుచూస్తూ ఉండొచ్చు.

కాల్ మొదలైపోయి, ఇవేవీ చూసే తీరిక లేకపోతే, అదే లింకుతో ఫోన్ నుంచి కూడా చేరొచ్చు. కెమెరా ఫోన్‌ది, చూసే తెర ల్యాప్‌టాప్‌ది అవుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌లో మైకు, స్పీకరు రెండూ ఆపేయాలి. ఒక్కటి ఆపి రెండోది వదిలేస్తే ఫోన్‌లోని మాట ల్యాప్‌టాప్‌లోకీ, అక్కడినుంచి మళ్లీ ఫోన్‌లోకీ తిరుగుతూ, అవతలివాళ్లకు కూత తప్ప మరేమీ వినిపించదు.